60 శాతం తగ్గింపు ఎంతమందికి దక్కింది?

ఐదు నిమిషాల్లో ఆటో రాకపోతే ₹50 ఇస్తామంటూ రాపిడో సంస్థ దేశంలో 120కి పైగా నగరాల్లో, పలు ప్రాంతీయ భాషల్లో, దాదాపు ఏడాదిన్నర పాటు ప్రకటనలు నడిపింది. 2025 ఆగస్టులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ (సీసీపీఏ) ఆ ప్రకటనలు జనాన్ని తప్పుదోవ పట్టిస్తున్నాయని తేల్చి ₹10 లక్షల జరిమానా వేసింది. అందులో గమనించాల్సిన సంగతి జరిమానా కన్నా ఆ ₹50కి పట్టిన గతి. పెద్ద అక్షరాల్లో ఉన్నది ₹50. షరతుల్లోకి వెళ్తే అది ‘₹50 వరకు’ అయింది. అదీ డబ్బు కాదు, కంపెనీ యాప్‌లో వాడుకునే కాయిన్లు. వాటితో ఎక్కాల్సింది బైకు, ఆటో కాదు. గడువు ఏడు రోజులు.

ఒక అంకె మనిషి కంట్లో పడిన చోటి నుంచి జేబులోకి చేరే చోటికి వచ్చేసరికి ఎంత కరిగిపోతుందో చెప్పడానికి ఇంతకంటే తేటైన ఉదాహరణ దొరకదు. అయితే ఈ ఒక్క కంపెనీని పక్కన పెట్టి చూసినా, ధర రాసే ప్రతిచోటా ఇదే వ్యవహారం. బట్టల షాపు ఫ్లెక్సీ మీద ‘60 శాతం వరకు తగ్గింపు’. అపార్ట్‌మెంట్ హోర్డింగు మీద ‘₹68 లక్షల నుంచి’. గృహరుణం కరపత్రం మీద ‘8 శాతం నుంచి వడ్డీ’. వీటిలో ఏదీ అబద్ధం కాకపోవచ్చు. ఎక్కడో ఒక చీరకు 60 శాతం తగ్గించే ఉంటారు, ఏదో ఒక ఫ్లాటు ₹68 లక్షలకు అమ్మే ఉంటారు. చిక్కల్లా, చదివే వందమందిలో ఆ అంకె ఎంతమందికి వర్తిస్తుందన్న సంగతి ప్రకటనలో ఉండకపోవడం.

‘వరకు అని రాశాం కదండీ, జనానికి తెలియదా?’ అని దుకాణదారులు అంటారు. తెలియదనే అమెరికా అనుభవం చెబుతోంది. 2012లో అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్, కిటికీలు అమ్మే ఐదు కంపెనీల మీద చర్య తీసుకుంది. మా కిటికీలు పెట్టించుకుంటే కరెంటు, గ్యాసు ఖర్చు భారీగా మిగులుతుందని ఆ కంపెనీలు ప్రచారం చేశాయి. అందులో ఒక మాట ‘47 శాతం వరకు ఆదా’. ఆ ఏడాదే కమిషన్ ఒక ప్రయోగం కూడా చేయించింది. లేని కంపెనీ పేరుతో ప్రకటనలు తయారుచేసి, కొందరికి ‘47 శాతం వరకు’ అని ఉన్నది, మరికొందరికి ‘వరకు’ తీసేసి ‘47 శాతం’ అని ఉన్నది చూపించారు. రెండు గుంపులకూ అర్థమైనదాంట్లో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. ‘వరకు’ అన్న చిన్నమాటను కళ్లు చదివాయేమో గానీ మనసు పట్టించుకోలేదు. అందుకే ఆ కంపెనీలకు కమిషన్ పెట్టిన షరతు గట్టిది. ‘ఇంతవరకు’ అని రాయాలంటే ఆ గరిష్ఠ ప్రయోజనం కొన్నవాళ్లందరికీ, లేదా దాదాపు అందరికీ దక్కాలి.

అంటే షరతుల అక్షరాలు పెద్దవి చేసినంత మాత్రాన పని జరగదు. పెద్దగా రాసే అంకెనే మార్చాలి. ఆ కొత్త అంకె ఎక్కడి నుంచి రావాలన్నదే అసలు ప్రశ్న. దానికి జవాబు ధరల ట్యాగుల్లో దొరకదు, బిల్లుల్లో దొరుకుతుంది.

ఒక బట్టల దుకాణాన్ని ఊహించుకుందాం. ఆషాఢం సేల్ దగ్గరపడింది. పెళ్లిళ్లు ఉండవు కాబట్టి తెలుగు ఊళ్లలో బట్టల షాపులకు ఆ నెల గిరాకీ తక్కువ. శ్రావణంలో కొత్త సరుకు దిగేలోపు పాత స్టాకు ఖాళీ చేసుకోవాలి. యజమాని ఫ్లెక్సీకి ఆర్డరిస్తూ ‘60 శాతం వరకు’ అని రాయమంటాడు. ప్రకటన రాసే కుర్రాడు కాస్త చురుకైనవాడైతే అడగాల్సింది ఒక్కటే. నిరుడు ఆషాఢంలో ఎన్ని చీరలు పోయాయి, ఏది ఎంత తగ్గింపుతో పోయింది? బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఉన్న ఏ షాపులోనైనా ఈ లెక్క పది నిమిషాల పని. కౌంటరు దగ్గరి కంప్యూటరులో తేదీలు కొడితే, ఒక్కో బిల్లులో ట్యాగు ధర, తగ్గింపు, కట్టిన ధర మూడు గళ్లలో వస్తాయి.

నిరుడు 2,000 చీరలు అమ్ముడుపోయాయనుకుందాం. తిరిగి ఇచ్చేసినవి, సిబ్బందికి ఇచ్చినవి ముందే తీసేశారు. వాటిలో 60 శాతం తగ్గింపుతో పోయినవి 40. అన్నీ రెండో అంతస్తులో మూలనున్న ర్యాకులోని పాత సింథటిక్ చీరలు. 40 శాతంతో 160, 30 శాతంతో 300, 20 శాతంతో 700, 10 శాతంతో 500 పోయాయి. మిగిలిన 300 కొత్త డిజైన్లు, వాటికి పైసా తగ్గించలేదు.

ఇప్పుడు ఫ్లెక్సీ మీది అంకెను ఈ లెక్క పక్కన పెట్టి చూడండి. 2,000లో 40 అంటే వందకు రెండు. 60 శాతాన్ని చూసి మెట్లెక్కిన వందమందిలో ఇద్దరికి అది దక్కింది, పదిహేనుమంది ఏ తగ్గింపూ లేకుండా కొన్నారు. చీరలన్నిటినీ తగ్గింపును బట్టి వరసగా పేరిస్తే సరిగ్గా నడిమధ్యన వచ్చేది 20 శాతం చీర. పదో తరగతి లెక్కల్లో మధ్యగతం అని నేర్పేది దీన్నే. ఇంకో సంగతి. 20 శాతం గానీ అంతకంటే ఎక్కువ గానీ తగ్గింపు పొందినవి 700, 300, 160, 40 కలిపి 1,200. అంటే పదింట ఆరు.

ఫ్లెక్సీ మీద వాక్యం ఈ లెక్కలోంచే పుడుతుంది. ‘నిరుటి ఆషాఢంలో మా దగ్గర అమ్ముడైన ప్రతి పది చీరల్లో ఆరింటికి 20 శాతం లేదా అంతకు మించి తగ్గింపు. కొత్త డిజైన్లకు తగ్గింపు లేదు.’ 60 శాతం అన్న మాటను చంపేయనక్కర్లేదు. అది ఉండాల్సిన చోటు రెండో అంతస్తులో ఆ ర్యాకు మీద. అక్కడ ‘ఈ ర్యాకులో ఏ చీరైనా 60 శాతం తక్కువ’ అని రాస్తే అది నూటికి నూరుపాళ్లు నిజం, ‘వరకు’ అవసరమే లేదు. ధర ప్రకటనలు రాసేవాళ్లు ఎందుకో ఈ చిన్న ఉపాయాన్ని వాడరు. గరిష్ఠ తగ్గింపు ఎవరికి వర్తిస్తుందో వాళ్ల కళ్లముందే పెట్టొచ్చు, ఊరంతటికీ చాటక్కర్లేదు.

యజమాని దీనికి ఒప్పుకుంటాడా? ‘పక్క షాపువాడు డెబ్బై అని కొడుతుంటే నేను ఇరవై అని కొట్టనా? నా షాపు మెట్లెక్కేదెవరు?’ అంటాడు. ఈ అభ్యంతరాన్ని తేలిగ్గా తీసిపారేయడానికి వీల్లేదు. ఒక్కడే నిజం చెప్పి మిగిలినవాళ్లంతా ఊదరగొడితే నష్టపోయేది ఆ ఒక్కడే. అందుకే ఈ మార్పు చాలాచోట్ల ఒక దుకాణంతో మొదలు కాలేదు, బజారు మొత్తానికీ ఒకే రోజున వచ్చిన నిబంధనతో మొదలైంది.

బ్రిటన్ ఇంటర్నెట్ కంపెనీల కథ అదే. ఇది ధర గురించి కాదు, వేగం గురించి. అయినా ‘వరకు’ అన్న మాటను తీసేస్తే ఏం జరుగుతుందో ఇంత స్పష్టంగా చూపిన ఉదాహరణ మరొకటి లేదు. అక్కడ చాలాకాలం ‘17 ఎంబీపీఎస్ వరకు’ అని రాసుకునేవారు. ఖాతాదారుల్లో కనీసం పదిశాతానికి ఆ వేగం అందితే చాలు, ప్రకటన చెల్లేది. మిగిలిన తొంభైమంది సంగతి ఎవరికీ పట్టలేదు. 2018 మే 23 నుంచి ప్రకటనల నియంత్రణ సంస్థ లెక్క మార్చింది. రాత్రి ఎనిమిది నుంచి పది మధ్య, అందరూ ఇళ్లలో కూర్చుని వీడియోలు చూసే వేళ, ఖాతాదారుల్లో కనీసం సగంమందికి అందే వేగాన్ని మాత్రమే ప్రకటించాలి. దాన్ని ‘సగటు’ అని చెప్పాలి.

తరవాత ఏమైంది? అక్కడి వినియోగదారుల సంస్థ ‘విచ్?’ కొద్ది నెలల్లో లెక్క తీసింది. 17 అని రాసుకుంటూ వచ్చిన మామూలు ప్లాన్లన్నీ 10 లేదా 11కి దిగొచ్చాయి. తీగలు మారలేదు, కంపెనీలు మారలేదు, ఇళ్లలో వచ్చే వేగమూ రాత్రికి రాత్రి మారలేదు. మారింది ప్రకటనలోని అంకె ఒక్కటే. అన్ని కంపెనీలూ ఒకేసారి దిగాయి కాబట్టి ఒకడు నష్టపోయి మరొకడు లాభపడ్డ దాఖలా లేదు. పైగా ఒక అనుకోని లాభం కలిగింది. అప్పటిదాకా అందరూ 17 అనడంతో ఎవరిది మెరుగో జనానికి తెలిసేది కాదు. ఇప్పుడు 10కీ 11కీ తేడా కనబడసాగింది.

ఇక్కడ వాడిన ‘సగటు’ అసలు సగటు కాదని గమనించాలి, అది మధ్యగతమే. ఆ తేడా ఎందుకు ముఖ్యమో ఇళ్ల అమ్మకాల్లోకి వస్తే తెలుస్తుంది. తొమ్మిదిమంది ₹80 లక్షల చొప్పున ఫ్లాట్లు కొని, పదోవాడు పైఅంతస్తులో పెంటహౌస్ ₹3 కోట్లకు కొన్నాడనుకోండి. పదిమంది సగటు ₹1.02 కోట్లు. ఆ ధర కట్టినవాడు ఒక్కడూ లేడు. మధ్యగతం ₹80 లక్షలు, తొమ్మిదిమంది కట్టిన ధర. అందుకే ‘సగటు’ అని ఉన్న ప్రకటన చూసినా, ఏ సగటని అడగడం తప్పుకాదు.

ఇళ్ల ప్రకటనల్లో ‘వరకు’ ఉండదు, దాని తోబుట్టువు ‘నుంచి’ ఉంటుంది. హైదరాబాద్ శివార్లలోనో విజయవాడ బైపాస్ పక్కనో నిలబడ్డ ఏ హోర్డింగునైనా చూడండి. ‘డబుల్ బెడ్‌రూమ్ ₹68 లక్షల నుంచి’ అని ఉంటుంది. ఈ ₹68 లక్షలు ఎలా వచ్చాయో, కొనేవాడి చేతిలో ఎలా పెరుగుతాయో ఒక ఊహా వెంచర్ మీద మెట్టు మెట్టుగా చూద్దాం. రేట్లు ఉదాహరణకు అనుకున్నవే, పద్దులు మాత్రం ఏ సేల్స్ ఆఫీసులోనైనా కనబడేవే.

ఫ్లాటు 1,150 చదరపు అడుగులు. చదరపు అడుగు ₹5,900. గుణిస్తే ₹67.85 లక్షలు, హోర్డింగు మీది ₹68 లక్షలు ఇదే. ఈ ధర ఐదో అంతస్తు దాకా, పడమర వైపున్న ఫ్లాట్లకే. ఐదు దాటాక ఒక్కో అంతస్తుకు అడుగుకు ₹20 చొప్పున ఫ్లోర్ రైజ్. కొనేవాళ్లలో ఎక్కువమందికి గాలీ వెలుతురూ కావాలి, తూర్పు ముఖం కావాలి. పన్నెండో అంతస్తులో తూర్పు ఫ్లాటు తీసుకుంటే ఫ్లోర్ రైజ్ ఏడంతస్తులకు ₹1.61 లక్షలు, తూర్పు ముఖానికి అడుగుకు ₹100 చొప్పున ₹1.15 లక్షలు. కారు పార్కింగు ₹4 లక్షలు. క్లబ్‌హౌస్, అమెనిటీస్ ₹3 లక్షలు. ఇవి రెండూ వద్దనే వీలు సాధారణంగా ఉండదు. ఇంతవరకు ₹77.61 లక్షలు. కడుతున్న ఫ్లాటు కాబట్టి దీనిమీద 5 శాతం జీఎస్టీ, ₹3.88 లక్షలు. మొత్తం ₹81.49 లక్షలు. తాళాలిచ్చేటప్పుడు కార్పస్ ఫండ్, రెండేళ్ల మెయింటెనెన్స్ అడ్వాన్సు కింద మరో లక్షన్నర. దాదాపు ₹83 లక్షలయ్యాయి. రిజిస్ట్రేషన్ ఖర్చు ఇంకా కలపలేదు.

హోర్డింగుకీ చెక్కుకీ మధ్య ₹15 లక్షలు. మధ్యతరగతి కుటుంబం మొదట్లోనే ₹83 లక్షలని తెలిస్తే ఆ వైపు వెళ్లేదే కాదేమో. ₹68 లక్షలని వెళ్లి, సైట్ విజిట్ కారెక్కి, మోడల్ ఫ్లాటు చూసి, పిల్లలు తమ గది ఎంచుకున్నాక, టోకెన్ అడ్వాన్సు ఇచ్చాక కాస్ట్ షీట్ చేతికొస్తుంది. అప్పటికి వెనక్కి తిరగడానికి మనసొప్పదు. ‘నుంచి’ ధర చేసే పని ఇదే, కొనేవాణ్ని గుమ్మం దాటించడం.

మరి దీన్ని ఎలా రాయాలి? వెంచర్‌లో ఇప్పటికే కొంత అమ్మకం జరిగి ఉంటే పని సులువు. డబుల్ బెడ్‌రూమ్ కొన్నవాళ్ల కాస్ట్ షీట్లు తీసి, రిజిస్ట్రేషన్ తప్ప అన్నీ కలిపిన మొత్తాలను తక్కువ నుంచి ఎక్కువకు పేర్చాలి. కింది పాతికశాతాన్నీ పై పాతికశాతాన్నీ వదిలేస్తే మధ్యలో సగంమంది మిగులుతారు. వాళ్లలో మొదటివాడు, చివరివాడు కట్టిన మొత్తాలే ప్రకటనకు కావలసిన అంకెలు. ‘డబుల్ బెడ్‌రూమ్ కొన్నవారిలో సగంమంది పార్కింగ్, క్లబ్‌హౌస్, జీఎస్టీ అన్నీ కలిపి ₹79 లక్షల నుంచి ₹85 లక్షల మధ్య కట్టారు. రిజిస్ట్రేషన్ అదనం.’ ఈ వాక్యంలోనూ ‘నుంచి’ ఉంది. అయితే దానికి రెండో కొస ఉంది, ఎంతమంది అన్న లెక్క ఉంది, ఏం కలిసిందో ఏం కలవలేదో ఉంది. హోర్డింగు మీద ఇంత పొడుగు వాక్యం పట్టదంటే ‘ఎక్కువమందికి అన్నీ కలిపి ₹79–85 లక్షలు’ అంటే చాలు.

కొత్తగా మొదలైన వెంచరైతే బిల్లులే ఉండవు. అప్పుడు సాధారణ కొనుగోలుదారుణ్ని ఊహించి రాయాల్సిందే, ఊహించామని చెప్పి రాయాలి. ‘ఎనిమిదో అంతస్తు, తూర్పు ముఖం, ఒక పార్కింగ్: జీఎస్టీతో కలిపి ఇంత.’ బిల్డర్లకు ఏ ఫ్లాట్లు ముందు పోతాయో అనుభవం మీద బాగా తెలుసు. చివరిదాకా మిగిలే పడమర వైపు కింది అంతస్తు ఫ్లాటు ధరను హోర్డింగెక్కించి, ముందే అయిపోయే ఫ్లాటు ధరను కాస్ట్ షీట్‌లో దాచడం తెలియక జరిగే పొరపాటేమీ కాదు.

మన చట్టం దీని గురించి ఏమంటోంది? 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, ముఖ్యమైన సమాచారాన్ని కావాలని దాచిన ప్రకటన కూడా తప్పుదోవ పట్టించే ప్రకటనే. మొదటిసారి ₹10 లక్షల దాకా, మళ్లీ చేస్తే ₹50 లక్షల దాకా జరిమానా వేయొచ్చు. 2022 జూన్‌లో వచ్చిన మార్గదర్శకాలు ఎర ప్రకటనల సంగతి తేల్చాయి. తక్కువ ధర చూపి రప్పించాలంటే ఆ ధరకు సరుకు తగినంత ఉండాలి, పరిమితంగానే ఉంటే ఆ మాట ప్రకటనలోనే చెప్పాలి. షరతులు అసలు ప్రకటన ఏ భాషలో ఉందో ఆ భాషలోనే ఉండాలి. తెలుగులో ఊరించి ఇంగ్లీషులో తప్పించుకోవడం కుదరదన్నమాట. 2023 నవంబరు చివర్లో వచ్చిన డార్క్ ప్యాటర్న్స్ మార్గదర్శకాలు ఆన్‌లైన్ అమ్మకాల్లో మొదట ఒక ధర చూపి, చివర్లో ఒక్కో చార్జీ బయటపెట్టే డ్రిప్ ప్రైసింగ్‌ను అక్రమ పద్ధతుల జాబితాలో చేర్చాయి. ఇళ్ల విషయంలో రెరా చట్టం 12వ సెక్షన్ మరో ఆయుధం. ప్రకటనలోని తప్పుడు సమాచారాన్ని నమ్మి డబ్బు కట్టి నష్టపోయినవారికి బిల్డర్ పరిహారం ఇవ్వాలి. వద్దనుకుని బయటికొస్తే కట్టిన సొమ్ము వడ్డీతో సహా తిరిగివ్వాలి.

ఇవన్నీ ఉన్నా, వినియోగదారుల రక్షణ చట్టంలో ఒక అంకె లేదు. పెద్ద అక్షరాల్లో రాసిన ధర కనీసం ఇంతమందికి వర్తించాలి అన్న అంకె. ‘తగినంత’ అన్నచోట తగవు పడటానికి తావుంటుంది, ‘సగంమంది’ అన్నచోట ఉండదు.

అప్పుల విషయంలో బ్రిటన్ ఆ అంకె పెట్టుకుంది. వడ్డీ రేటు ప్రకటించే సంస్థ, ఆ ప్రకటన వల్ల అప్పు తీసుకునేవారిలో కనీసం 51 శాతం మందికి ఆ రేటుకో అంతకంటే తక్కువకో ఇస్తానని నమ్మకంగా చెప్పగలగాలి. 2011 ఫిబ్రవరి నుంచి ఉన్న నియమం ఇది. అంతకుముందు ఇంకా గట్టిగా ఉండేది, మూడింట రెండొంతుల మందికి అందాలనేవారు. యూరప్ దేశాల ఉమ్మడి నిబంధనలతో సర్దుకునే క్రమంలో 51కి తగ్గింది.

మన దగ్గర గృహరుణాల కరపత్రాల మీద ఉండే ‘8 శాతం నుంచి’ అన్న రేటు సాధారణంగా సిబిల్ స్కోరు బాగా ఎక్కువున్న వాళ్లకు దక్కేది. ఒక శాతం తేడా అంటే ఎంత అనిపించొచ్చు. ₹30 లక్షలు ఇరవయ్యేళ్లకు తీసుకుంటే 8 శాతానికి నెలకు కట్టేది ₹25,093. 9 శాతానికి ₹26,992. నెలకు ₹1,900 తేడా ఇరవయ్యేళ్లలో నాలుగున్నర లక్షలు దాటుతుంది. 2024 అక్టోబరు నుంచి మంజూరయ్యే రిటైల్ రుణాలన్నిటికీ అసలు వార్షిక ఖర్చెంతో చూపే కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ ఇవ్వాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. మంచి పనే. కాకపోతే ఆ కాగితం చేతికొచ్చేది దరఖాస్తు పెట్టాక. కరపత్రం చదివేటప్పుడు మీలాంటివాళ్లు ఎంత కడుతున్నారో చెప్పేవారు ఇంకా లేరు.

51 శాతం నియమంలోనూ ఒక కంత ఉంది. లెక్కలోకి వచ్చేది అప్పు దొరికినవాళ్లే. దరఖాస్తు పెట్టి తిరస్కరణకు గురైనవాళ్లు ఎక్కడా లెక్కకు రారు. మిగిలిన 49 శాతానికి రేటు ఎంత పెరిగినా నియమం తప్పినట్టు కాదు. పైగా వేసేవాడే లెక్క కూడా తేల్చేవాడైతే మధ్యగతం కూడా అబద్ధమాడగలదు. న్యూయార్క్‌లో తమ డ్రైవర్ల మధ్యగత ఆదాయం ఏడాదికి 90,000 డాలర్లకు పైనే అని ఉబర్ ఒకప్పుడు ప్రచారం చేసుకుంది. అసలు మధ్యగతం 61,000 డాలర్లని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ తేల్చింది. 2017 జనవరిలో ఆ కంపెనీ ఇలాంటి ఆరోపణలను 2 కోట్ల డాలర్లు కట్టి పరిష్కరించుకుంది. కాబట్టి ‘ఎక్కువమంది కట్టేది ఇంత’ అని రాసేవాళ్లు ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా బిల్లులు చూశారో, ఎన్ని చూశారో ఫైలులో పెట్టుకోవాలి. రేపు ఎవరైనా అడిగితే చూపగలగాలి.

మధ్యగతం పనికిరాని చోట్లూ ఉన్నాయి. కంటి శుక్లాల ఆపరేషన్ తీసుకోండి. మామూలు లెన్సు పెట్టించుకునేవాళ్లు ఒక గుంపు, దగ్గరా దూరం రెండూ కనబడే ఖరీదైన లెన్సు పెట్టించుకునేవాళ్లు మరో గుంపు. మొదటివాళ్లు ₹20,000 దగ్గర, రెండోవాళ్లు ₹60,000 దగ్గర చేరారనుకుంటే, ఇద్దరినీ కలిపి తీసిన ఏ నడిమి అంకైనా ఎవరికీ చెందకపోవచ్చు. ‘₹15,000 నుంచి’ అని రాయడం ఎంత తప్పో ‘చాలామందికి ₹40,000’ అని రాయడమూ అంతే తప్పు. అక్కడ రెండు ధరలు రెండు వాక్యాల్లో రాయాలి. మనవాళ్లు ఎక్కువమంది ఏ లెన్సు తీసుకుంటున్నారో కూడా చెబితే రోగి కొడుకో కూతురో డబ్బు సమకూర్చుకుని వస్తారు.

విమాన టికెట్లది ఇంకో తంటా. ధర గంటగంటకూ మారుతుంది. ‘₹1,999 నుంచి’ అన్న ధర ఏ మంగళవారం తెల్లవారుజాము విమానంలోనో నాలుగు సీట్లకే ఉండొచ్చు. పోయిన నెల బిల్లుల నుంచి తీసిన మధ్యగతం దసరా సెలవులకు చెల్లదు. ఇలాంటిచోట బ్రిటన్ ప్రకటనల సంస్థ మామూలుగా చూసేది, చెప్పిన ధరకు పదిశాతమైనా సీట్లు ఉన్నాయా, అవి ప్రకటన చెప్పిన తేదీలన్నిటా పరుచుకుని ఉన్నాయా అని. పదిశాతం గొప్ప ప్రమాణమేమీ కాదు. సున్నా కంటే మేలు, అంతే.

తగ్గింపుల విషయంలో అన్నిటికీ పునాదిలో మరో ప్రశ్న ఉంది. 20 శాతం తగ్గించారు సరే, దేనిమీద? ప్యాకెట్ సరుకుకు ఎంఆర్‌పీ అచ్చువేసి ఉంటుంది. కౌంటరులో మడతపెట్టిన చీర ట్యాగు ధర షాపువాడు వేసుకున్నదే. ఆషాఢానికి ముందు వారం ₹2,400 చీర ట్యాగును ₹3,000 చేసి, 20 శాతం తీసేస్తే మళ్లీ ₹2,400. బిల్లుల లెక్కంతా నిక్కచ్చిగా ఉన్నా కొన్నవాళ్లకు మిగిలింది సున్నా. యూరప్‌లో 2022 మే 28 నుంచి అమల్లోకొచ్చిన నిబంధన ఈ దారి మూసింది. తగ్గింపు ప్రకటిస్తే, అంతకుముందు కనీసం 30 రోజుల్లో తాము అమ్మిన అతి తక్కువ ధర ఎంతో దాని పక్కనే చూపాలి. మన షాపు కుర్రాడు కూడా బిల్లింగ్ కంప్యూటరులో తేదీలు కొట్టేటప్పుడు సేల్‌కు ముందు నెల కూడా కలిపి తీస్తే, ఏ ట్యాగు ఎప్పుడు పెరిగిందో బయటపడుతుంది. యజమాని కళ్లెర్రజేసే అవకాశమూ ఉంది.

ఈలోగా కొనేవాళ్లు చేయగలిగింది కొంత ఉంది. సేల్స్ ఆఫీసులో బ్రోషర్ ఇవ్వగానే టోకెన్ మాట రాకముందే కాస్ట్ షీట్ అడగాలి. హోర్డింగు ధరకు ఇవాళ ఎన్ని ఫ్లాట్లున్నాయో, వాటి నంబర్లేమిటో అడగాలి. ‘అవి అయిపోయాయి సార్’ అన్న జవాబొస్తే, పోయిన పది బుకింగుల్లో అన్నీ కలిపి ఎంతకు పోయాయో చెప్పమనాలి. చెప్పడం మొదలుపెడితే ఆ కంపెనీతో మాట్లాడవచ్చు. హోర్డింగు ఫొటో, బ్రోషర్, వాట్సాప్‌లో పంపిన ఆఫర్ మెసేజీ, కాస్ట్ షీట్ నాలుగూ తేదీలతో దాచుకుంటే రెరా దగ్గర ఫిర్యాదుకు అవే సాక్ష్యాలు. మిగతా సరుకులకు, సేవలకు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. ఫోన్ చేసేటప్పుడు ప్రకటనలో ఏముందో ఒక్క వాక్యంలో, బిల్లులో ఎంత పడిందో మరో వాక్యంలో చెబితే అవతలివాళ్లకు వెంటనే పట్టుబడుతుంది.